974 రూపాయలు ఎక్కడికి పోయాయి?

2020 డిసెంబరు 22, మంగళవారం. మెజెస్కో అనే కంపెనీ షేరు మార్కెట్ మూసే వేళకు సుమారు 985 రూపాయల దగ్గర ఉంది. బుధవారం పొద్దున మార్కెట్ తెరిచేసరికి అదే షేరు 12 రూపాయలకు అటూ ఇటూగా కనిపించింది. తెర మీద ఎర్రటి అంకెల్లో 99 శాతం పతనం. ఆ రోజు విషయం తెలియకుండా యాప్ తెరిచినవాళ్ల గుండె ఆగినంత పనై ఉంటుంది. నిజానికి ముందు రోజు వరకు షేరు పట్టుకున్నవాళ్లలో ఎవరి సొమ్మూ అలా ఆవిరైపోలేదు. ఒక్కో షేరు మీద 974 రూపాయల డివిడెండ్ వాళ్ల పేరిట ఖాయమైంది, అంతే. 985లోంచి 974 తీసేస్తే 11. మార్కెట్ ఆ పొద్దున చేసిన లెక్క దాదాపు ఇదే.

షేరు ధర, డివిడెండ్ మధ్య ఉన్న సంబంధాన్ని ఇంత నగ్నంగా చూపించిన ఉదాహరణ మన మార్కెట్లో మరొకటి దొరకడం కష్టం. మెజెస్కో బీమా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసేది. దాని అసలు వ్యాపారమంతా అమెరికాలోని అనుబంధ సంస్థలో ఉండేది. ఆ వాటాను 2020లో థోమా బ్రావో అనే అమెరికా పెట్టుబడి సంస్థకు అమ్మేశారు. ముంబైలో నమోదైన మాతృసంస్థ చేతిలో చివరకు మిగిలింది ప్రధానంగా డబ్బే. అందులో కొంతతో షేర్లను తిరిగి కొన్నారు, మిగిలినదాన్ని షేరుకు 974 చొప్పున వాటాదార్లకు పంచేయాలని బోర్డు నిర్ణయించింది. ఆ డబ్బు కూడా బయటికి పోతే కంపెనీలో ఉండేది ఏమిటి? కొద్దిపాటి ఆస్తులు, స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన ఒక పేరు. వాటికి మార్కెట్ కట్టిన వెల 12 రూపాయలు.

మామూలు కంపెనీలో జరిగేదీ ఇదే. అక్కడ డివిడెండ్ చిన్నది, కంపెనీ పెద్దది కాబట్టి కంటికి ఆనదు. షేరు ధరలో కంపెనీ ఫ్యాక్టరీలు, బ్రాండు, రాబోయే లాభాల మీద ఆశలతోపాటు బ్యాంకులో ఉన్న నగదు కూడా కలిసి ఉంటుంది. ఆ నగదులో కొంత మీ ఖాతాకు వస్తే కంపెనీ ఖాతాలో అంత తగ్గుతుంది. రెండు చోట్లా ఒకే డబ్బు ఉండదు. కాపు మీదున్న మామిడి తోటకు ఒక రేటు, కాయలు కోసుకున్నాక అదే తోటకు ఇంకో రేటు ఉంటుంది కదా, ఇదీ అంతే. కోత హక్కు తనదేనని అమ్మేవాడు చెప్పాక, కొనేవాడు పాత రేటు ఇవ్వడు.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. డివిడెండ్ పంచాక ధర పడుతుందని అంటుంటాం. నిజానికి డబ్బు చేతికి రావడానికి చాలా ముందే ధర పడిపోతుంది. మీ బ్యాంకు ఖాతాలో జమ అయిన రోజున షేరు ధరకు దానితో పనే లేదు. డివిడెండ్ ఎవరికి చెందాలో తేలిపోయే రోజున ధర దిగుతుంది. దాన్నే ఎక్స్-డివిడెండ్ తేదీ అంటారు. ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఈసారి డివిడెండ్ రాదు. ముందు రోజు మార్కెట్ ముగిసేలోపు కొన్నవాళ్లకు వస్తుంది. రెండు రోజుల్లోనూ అమ్ముడయ్యేది అదే షేరు, కాకపోతే ఒక హక్కు తక్కువ.

మరి రికార్డు తేదీ ఎందుకు? కంపెనీకి లక్షల మంది వాటాదార్లు ఉంటారు, షేర్లు రోజూ చేతులు మారుతుంటాయి. ఎవరికి పంచాలో తేల్చుకోవాలంటే ఏదో ఒక రోజు గీత గీయాలి. ఆ రోజు పని ముగిసేసరికి డీమ్యాట్ ఖాతాల్లో షేర్లు ఎవరెవరి పేరున ఉన్నాయో, ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్ అనే రెండు డిపాజిటరీలు జాబితా ఇస్తాయి. కంపెనీ తరఫున ఆ జాబితా అందుకుని, పన్ను మినహాయించి, ఎవరి డబ్బు వాళ్లకు పంపే ఏర్పాట్లు చేసేది రిజిస్ట్రార్ సంస్థ. దేశంలోని పెద్ద రిజిస్ట్రార్లలో ఒకటైన కేఫిన్ టెక్నాలజీస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. మీ ఫోనుకు వచ్చే డివిడెండ్ సందేశం వెనక చాలాసార్లు పనిచేసేది ఇలాంటి సంస్థే.

కొన్న షేరు మీ ఖాతాలోకి చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. ఎక్స్ తేదీ పుట్టింది ఈ వ్యవధిలోంచే. కొన్న రోజు తర్వాత రెండో పనిదినానికి షేరు చేతికి వచ్చే కాలంలో, రికార్డు తేదీకి ఒక పనిదినం ముందే ఎక్స్ తేదీ వచ్చేది. 2023 జనవరి 27 నుంచి మన దేశంలో షేర్లన్నీ మర్నాడే ఖాతాలో పడుతున్నాయి. దాంతో ఎక్స్ తేదీ, రికార్డు తేదీ మామూలుగా ఒకే రోజున వస్తున్నాయి. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో చెప్పే ఒక రోజు తేడాను ఇప్పుడు పట్టుకుని కూర్చోకూడదు.

మెజెస్కో తేదీలు చూస్తే ఆ పాత పద్ధతి సులువుగా అర్థమవుతుంది. దాని రికార్డు తేదీ డిసెంబరు 25, శుక్రవారం, క్రిస్మస్ సెలవు. 22న కొన్నవారికి 24న షేర్లు చేరతాయి కాబట్టి సెలవు నాటికి వాళ్ల పేరు జాబితాలో ఉంటుంది. 23న కొన్నవారికి 25న చేరాలి, కానీ ఆ రోజు సెలవు. శని, ఆదివారాలు కూడా పోను షేర్లు అందేది సోమవారమే, అప్పటికి జాబితా మూసేస్తారు. అందుకే ఎక్స్ తేదీ 23 అయింది. ఇప్పటి పద్ధతిలోనూ సెలవుల ఇబ్బంది పూర్తిగా పోలేదు. మార్కెట్ తెరిచి ఉన్నా బ్యాంకులు మూసి ఉండే రోజుల్లో సెటిల్‌మెంట్ జరగదు. అప్పుడు రెండు రోజుల కొనుగోళ్లు ఒకేసారి ఖాతాలో పడతాయి, దాన్ని బట్టి ఎక్స్ తేదీ కూడా జరుగుతుంది. కాబట్టి రికార్డు తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ కూర్చోవడం ఎందుకు? ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ఎక్స్ తేదీ స్పష్టంగా ఉంటుంది. దానికి ముందు ట్రేడింగ్ రోజున కొని ఉంటే చాలు. పొద్దున కొన్నా, మధ్యాహ్నం మూడున్నరకు ఐదు నిమిషాల ముందు కొన్నా తేడా లేదు. అలాగే, ముందునుంచీ మీ దగ్గరున్న షేరును ఎక్స్ తేదీ పొద్దున్నే అమ్మేసినా డివిడెండ్ మీకే వస్తుంది.

ఇప్పుడు అందరికీ తెలిసిన కంపెనీ తీసుకుందాం. 2025 జనవరి 9, గురువారం సాయంత్రం టీసీఎస్ తన మూడో త్రైమాసికం ఫలితాలతోపాటు డివిడెండ్ ప్రకటించింది. షేరుకు 10 రూపాయల మధ్యంతర డివిడెండ్, 66 రూపాయల ప్రత్యేక డివిడెండ్, మొత్తం 76. రికార్డు తేదీ జనవరి 17, శుక్రవారం. చెల్లింపు తేదీ ఫిబ్రవరి 3. కంపెనీకి దాదాపు 362 కోట్ల షేర్లున్నాయి కాబట్టి సుమారు 27,500 కోట్ల రూపాయలు బయటికి పోవాలి. అందులో 72 శాతం దాకా మాతృసంస్థ టాటా సన్స్‌కే చేరుతుంది. ఇంత నగదు కంపెనీని దాటి వెళ్తున్నప్పుడు షేరు ధర ఉన్నచోటే ఉండాలని ఆశించడం న్యాయం కాదు.

తేదీలకన్నా లాభనష్టాల దగ్గరే మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. "గురువారం కొని శుక్రవారం అమ్మేస్తే, ఉత్తినే షేరుకు 76 రూపాయలు మిగలవా అన్నయ్యా?" ఈ ప్రశ్న ఏ రూపంలో వచ్చినా లెక్క మాత్రం ఒకటే. వేసి చూద్దాం. అంకెలు గుండ్రంగా ఉండేందుకు జనవరి 16న షేరు 4,200 రూపాయలనీ, మర్నాడు మార్కెట్లో మరే అలజడీ లేకుండా ధర సరిగ్గా 76 తగ్గి 4,124 అయిందనీ అనుకుందాం. ఆ రోజుల్లో ధర దాదాపు ఆ దరిదాపుల్లోనే ఉంది.

వంద షేర్లు కొన్నారు. పెట్టుబడి 4,20,000. శుక్రవారం అమ్మితే చేతికి 4,12,400. తేడా 7,600 నష్టం. డివిడెండ్ రూపంలో వచ్చేదీ 7,600. సరికి సరి అయినట్టుంది కదా? ఇక్కడే పన్ను అడ్డొస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి డివిడెండ్ మీద పన్ను కట్టాల్సింది కంపెనీ కాదు, అందుకున్న మనిషే. అదీ తన శ్లాబు ప్రకారం. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 7,600 మీద 2,371 రూపాయలు. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ షేరు విలువలో 0.1 శాతం చొప్పున సెక్యూరిటీల లావాదేవీ పన్ను మరో 832. బ్రోకరేజీ, స్టాంపు సుంకం, డీమ్యాట్ చార్జీలు ఇంకా వేయలేదు. అప్పటికే 3,200 రూపాయల చిల్లు.

షేరు అమ్మకంలో వచ్చిన 7,600 నష్టాన్ని డివిడెండ్‌కు ఎదురు వేసుకుంటే పోతుంది కదా అని మీరు అడగవచ్చు. చట్టం ఒప్పుకోదు. షేరు అమ్మకంలో వచ్చిన నష్టాన్ని మరో చోట షేర్లు, ఆస్తులు అమ్మి సంపాదించిన లాభంలోనే తగ్గించుకోవాలి. డివిడెండ్‌ది వేరే ఖాతా. అలాంటి స్వల్పకాలిక లాభం మీకు ఆ ఏడాది ఉంటే, దాని మీద కట్టాల్సిన 20 శాతం పన్ను, సెస్సుతో కలిపి 1,581 రూపాయలు ఆదా అవుతాయి. అప్పుడు కూడా 1,600 రూపాయల పైచిలుకు చేతి నుంచే పెట్టాలి. పన్ను శ్లాబులోకే రాని వ్యక్తి అయితే పోయేది 832 రూపాయలు, మిగతా చార్జీలు మాత్రమే. కష్టానికి కూలి లేకపోగా ఎదురు ఖర్చన్నమాట. నా లెక్కలో ఎక్స్ తేదీకి ముందురోజు పరుగెత్తి కొనడమనేది, మన సొమ్ములో కొంత భాగాన్ని పన్ను పడే ఆదాయంగా మార్చి తిరిగి మనమే పుచ్చుకోవడం.

ధర సరిగ్గా 76 పడుతుందని అనుకున్నాం కదా, నిజంగా అలా పడుతుందా? ఎప్పుడో కాని పడదు. టీసీఎస్ లాంటి షేరు ఏ కారణం లేకపోయినా రోజుకు ఒక శాతం, అంటే 42 రూపాయలు, అటో ఇటో కదులుతుంది. ఆ రోజు రూపాయి బలహీనపడినా, అమెరికా నుంచి ఐటీ వార్త ఏదైనా వచ్చినా ఆ ప్రభావం డివిడెండ్ తగ్గుదలతో కలిసిపోతుంది. 76 రూపాయలంటే ధరలో 1.8 శాతం కాబట్టి ఎంతోకొంత కంటికి కనబడుతుంది. కేవలం 10 రూపాయల మధ్యంతర డివిడెండే అయితే అది ధరలో పావు శాతం కూడా ఉండదు. దాన్ని రోజువారీ ఊగిసలాటలోంచి వేరు చేసి చూడటం ఎవరి తరమూ కాదు. "డివిడెండ్ ఇచ్చినా మా షేరు పడలేదు, పెరిగింది" అనేవారు చూసింది ఇదే. ఆ డివిడెండ్ లేకుంటే ఆ రోజు ఇంకో పది రూపాయలు ఎక్కువ పెరిగి ఉండేది.

మార్కెట్ అలజడిని పక్కన పెట్టి వేల సందర్భాల సగటు తీసినా, తగ్గుదల డివిడెండ్ కన్నా కొంచెం తక్కువగానే ఉంటుందని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. ఎడ్విన్ ఎల్టన్, మార్టిన్ గ్రూబర్ అనే ఇద్దరు 1970లో ప్రచురించిన అధ్యయనంలో న్యూయార్క్ ఎక్స్ఛేంజీలోని 1966-67 ధరలు పరిశీలించి, సగటున డివిడెండ్‌లో 78 శాతం మేరకే ధర తగ్గుతోందని లెక్కగట్టారు. కారణం పన్నేనని వాళ్ల వాదన. ఆ వాదనను మన రేట్లతో సరిచూద్దాం. ఏడాదికి పైగా షేరు పట్టుకున్న, 30 శాతం శ్లాబులో ఉన్న వ్యక్తి దాన్ని ఎక్స్ తేదీకి ముందు అమ్మాలా, తర్వాత అమ్మాలా అని ఆలోచిస్తున్నాడు. వంద రూపాయల డివిడెండ్ అందుకుంటే పన్ను పోను అతని చేతిలో మిగిలేది 68.80. ముందే అమ్మి ఆ వందను ధర రూపంలో తీసుకుంటే, సెస్సుతో కలిపి 13 శాతం దీర్ఘకాలిక పన్ను పోను మిగిలేది 87. ఈ రెండూ అతనికి సమానం కావాలంటే ధర వంద కాకుండా 79 రూపాయలు మాత్రమే పడాలి. అమెరికా అంకెకు ఇది దగ్గరగా ఉండటం కేవలం యాదృచ్ఛికం, అయినా తర్కం మాత్రం అదే.

అయితే మన మార్కెట్లో ఆ ఒక్క మనిషే లేడు. మ్యూచువల్ ఫండ్లున్నాయి. షేర్ల మీద వచ్చే డివిడెండ్‌కు ఫండు తనంతట తాను పన్ను కట్టదు. దానికి వంద రూపాయల డివిడెండ్ అంటే వందే. ధర 79 మాత్రమే పడేట్టుంటే ముందురోజు కొని లాభపడేది అలాంటి సంస్థే. వాళ్లు అలా కొంటే ముందురోజు ధర పైకి జరుగుతుంది, ఎక్స్ తేదీన పతనం నిండు డివిడెండ్‌కు దగ్గరవుతుంది. మెజెస్కో విషయంలో ఈ లాగుడు బాగా తెలుస్తుంది. ఎత్తయిన శ్లాబులో ఉన్నవారికి 974 రూపాయలను డివిడెండ్‌గా పుచ్చుకోవడం ఖరీదైన వ్యవహారం. అందులో మూడో వంతు దాకా పన్నుకే పోతుంది. అలాంటివారికి ఎక్స్ తేదీకి ముందే 985కు అమ్మి బయటపడటమే మేలు. పన్ను బెడద లేనివారికి, డివిడెండ్‌ను తమ వాటాదార్లకు మళ్లీ పంచితే మినహాయింపు పొందే కంపెనీలకు అదే షేరు ఆ ధరకు గిట్టుబాటు. షేర్లు మొదటివారి నుంచి రెండోవారికి చేరాయి. ధర కూడా ఆ రెండోవారి లెక్క ప్రకారమే పడింది.

మార్కెట్ అలజడి, పన్ను రెండూ లేకుండా ఈ పతనాన్ని శుద్ధంగా చూడాలనుకుంటే మ్యూచువల్ ఫండ్ యూనిట్ చూడండి. అక్కడ ధరను జనం బేరాలాడి తేల్చరు, ఆస్తుల విలువను యూనిట్లతో భాగించి లెక్కగడతారు. యూనిట్‌కు 2 రూపాయలు పంచితే దాని విలువ ఆ మేరకు ఖచ్చితంగా 2 తగ్గుతుంది. ఇది అదనపు ఆదాయమని మదుపుదార్లు పొరబడుతున్నారని సెబీ 2021 ఏప్రిల్ నుంచి ఆ పథకాల పేరే మార్పించింది. ఇప్పుడు 'డివిడెండ్' అనరు, 'ఆదాయ పంపిణీ, మూలధన ఉపసంహరణ' అని అర్థం వచ్చేలా ఐడీసీడబ్ల్యూ అంటారు. నోరు తిరగని పేరే, అయినా నిజం చెప్పే పేరు.

ప్రకటనల్లో కనిపించే శాతాలు ఇంకో తలనొప్పి. పాత అలవాటు కొద్దీ డివిడెండ్‌ను షేరు ముఖ విలువ మీద శాతంగా చెబుతారు. మెజెస్కో ముఖ విలువ 5 రూపాయలు కాబట్టి 974 అంటే 19,480 శాతం. టీసీఎస్ ముఖ విలువ ఒక్క రూపాయి కాబట్టి 76 రూపాయలు 7,600 శాతమైంది. ఈ శాతాలతో మదుపుదారుకు ఏ ఉపయోగమూ లేదు. ఎంఆర్ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటి పలికిన కాలంలో కూడా ఆ కంపెనీ 3 రూపాయల మధ్యంతర డివిడెండ్ ఇచ్చింది. 10 రూపాయల ముఖ విలువ మీద అది 30 శాతం! వినడానికి బాగానే ఉంటుంది, లక్ష మీద మూడు రూపాయలని లెక్కేస్తే నవ్వొస్తుంది. చూడాల్సింది మార్కెట్ ధరలో డివిడెండ్ ఎంత శాతమన్నది, దీన్నే డివిడెండ్ యీల్డ్ అంటారు.

ఆ యీల్డ్ కూడా వెనక్కి చూసి వేసే లెక్క కాబట్టి జాగ్రత్త అవసరం. వేదాంత సంస్థ 2022-23లో ఐదుసార్లు మధ్యంతర డివిడెండ్ ఇచ్చింది, అన్నీ కలిపి షేరుకు 101 రూపాయల 50 పైసలు. ఆ ఏడాది మొదట్లో 400 రూపాయలపైన ఉన్న షేరు చివరికొచ్చేసరికి 280 దరిదాపుల్లోకి వచ్చింది. గత పన్నెండు నెలల డివిడెండ్‌ను ఆ తగ్గిన ధరతో భాగిస్తే యీల్డ్ 35 శాతం దాటుతుంది. అది చూసి కొనడమంటే, అయిపోయిన పంటను చూసి కౌలు రేటు ఒప్పుకోవడమే. ఆ ధర తగ్గడానికి లోహాల ధరలూ కారణమే కానీ, వంద రూపాయలకు పైగా నగదు కంపెనీలోంచి బయటికి నడిచిపోవడం కూడా అందులో ఉంది. ప్రధాన వాటాదారైన మాతృసంస్థకు అప్పులు తీర్చుకోవడానికి నగదు కావాల్సి ఉండటం ఆ ఉదారత వెనక కనిపించే మరో సంగతి.

ఎక్స్ తేదీ నిజంగా నష్టం చేసే సందర్భం ఒకటుంది, దాన్ని తక్కువమంది గుర్తిస్తారు. టీసీఎస్ షేరు 4,150కి దిగితే అమ్మేయమని మీరు ముందుగా స్టాప్ లాస్ ఆర్డరు పెట్టి ఉంచారనుకుందాం. జనవరి 17న ధర డివిడెండ్ మేరకు తగ్గి 4,124 దగ్గర తెరుచుకుంటే, కంపెనీకి ఏ చెడూ జరగకపోయినా మీ షేర్లు అమ్ముడైపోతాయి. నెలల తరబడి నిలిచి ఉండే ఇలాంటి ఆర్డర్లను ఎక్స్ తేదీకి ముందు కొందరు బ్రోకర్లు రద్దు చేస్తారు, కొందరు అలాగే వదిలేస్తారు. పెద్ద డివిడెండ్ ఉందని తెలిస్తే ముందు రోజే ఆ ధరను డివిడెండ్ మేరకు కిందికి జరుపుకోవాలి. యాప్‌లో ఆ రోజు కనిపించే ఎర్ర శాతం కూడా చాలావరకు నిన్నటి ముగింపు ధరతో పోల్చి వేసినదే, మీకు రాబోయే డివిడెండ్ అందులో కలవదు. ఆ రోజు నిజంగా ఎంత నష్టమో తెలియాలంటే, తగ్గిన ధరకు డివిడెండ్ కలిపి నిన్నటి ధరతో పోల్చుకోవాలి. నిఫ్టీ సూచీకీ ఇదే లోపం ఉంది. మనం రోజూ వినే నిఫ్టీ అంకెలో డివిడెండ్లు ఉండవు. వాటిని కలిపి లెక్కించే సూచీ వేరే ఉంది, దాన్ని టోటల్ రిటర్న్స్ ఇండెక్స్ అంటారు. ఫండ్లు తమ పనితీరును దానితోనే పోల్చుకోవాలని సెబీ 2018లో చెప్పింది.

ఇక డబ్బు చేతికి వచ్చే దశ. మధ్యంతర డివిడెండ్‌ను బోర్డే ప్రకటిస్తుంది. ఏడాది చివరి డివిడెండ్‌ను బోర్డు సిఫార్సు చేస్తుంది, వార్షిక సమావేశంలో వాటాదార్లు ఆమోదించాలి. వాళ్లు దాన్ని తగ్గించవచ్చు కానీ పెంచలేరు. ప్రకటించిన 30 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే కంపెనీ ఏడాదికి 18 శాతం వడ్డీ కట్టాలని చట్టంలో ఉంది. ఒక కంపెనీ నుంచి ఆర్థిక సంవత్సరంలో వచ్చే డివిడెండ్ 10,000 దాటితే పది శాతం టీడీఎస్ మినహాయించి పంపుతారు. 2025 మార్చి వరకు ఈ పరిమితి 5,000 ఉండేది, అందుకే పై ఉదాహరణలోని వంద షేర్ల వ్యక్తి ఖాతాలో ఫిబ్రవరి 3న పడేది 7,600 కాదు, 6,840. పాన్ సరిగా లేకపోతే మినహాయింపు ఇరవై శాతం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లకు మినహాయింపు మొదటి రూపాయి నుంచే మొదలవుతుంది, రేటు ఆ దేశంతో మనకున్న పన్ను ఒప్పందాన్ని బట్టి మారుతుంది.

ఈ డబ్బు బ్రోకర్ దగ్గరున్న ట్రేడింగ్ ఖాతాకు రాదు. డీమ్యాట్ ఖాతాతో ముడిపడిన బ్యాంకు ఖాతాకు నేరుగా వెళుతుంది. పాత ఉద్యోగంలో తెరిచిన జీతం ఖాతా మూసేసి, డీమ్యాట్‌లో మార్చడం మరిచిపోయినవారి డివిడెండ్లు తిరిగి వెళ్లిపోతాయి. అలా అందని డబ్బును కంపెనీ ప్రత్యేక ఖాతాలో ఉంచుతుంది, ఏడేళ్లపాటు ఎవరూ అడగకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే మదుపుదార్ల విద్య, రక్షణ నిధికి జమ చేస్తుంది. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు కూడా అదే నిధికి బదిలీ అవుతాయి. తండ్రి పేరిట కాగితాల రూపంలో ఉన్న పాత షేర్లు ఇలా పోయిన కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు. వాటిని వెనక్కి తెచ్చుకోవచ్చు. ముందు కంపెనీకి పత్రాలు సమర్పించి, వారసత్వం రుజువు చేసి, అర్హత లేఖ తీసుకోవాలి. తర్వాత నిధి వెబ్‌సైటులో ఐఈపీఎఫ్-5 ఫారం నింపాలి. అప్పుడు షేర్లు, వాటి మీద ఆగిపోయిన డివిడెండ్లు వారసుల డీమ్యాట్, బ్యాంకు ఖాతాలకు వస్తాయి.